ఎముక బయటపడిన గాయం: మొదటి సూది ఏ ఊళ్లో పడాలి?

(కర్నూలులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యాధికారులు, స్టాఫ్ నర్సులు, 108 సిబ్బంది కోసం జరిగిన శిక్షణ తరగతిలో ఒక ఎముకల శస్త్రవైద్యుడు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

ముందుగా మీకు ఒక రెఫరల్ చీటీ గురించి చెబుతాను. ఆదోని వైపు పల్లెకు చెందిన ఒక రైతు, సుమారు ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఉల్లిగడ్డలు అమ్ముకొని సాయంకాలం మోటార్‌సైకిల్ మీద ఇంటికి తిరిగిపోతూ, వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రాలీని గుద్దుకొని పక్కనున్న చేనిలో పడ్డాడు. ప్రమాదం జరిగింది 6.40కి. దగ్గరలోని ఆసుపత్రికి చేరింది 7.15కి. అక్కడివారు శ్రద్ధగానే చూశారు. చేతికి కాన్యులా పెట్టి సెలైన్ ఎక్కించారు, టీటీ వేశారు, నొప్పికి సూది వేశారు, గాయానికి కట్టు కట్టి కాలికి బద్ద వేశారు. ఒక్కొక్క పనికీ ఎదురుగా వేళ రాసి, చివర "కుడి కాలు రెండు ఎముకల కాంపౌండ్ ఫ్రాక్చర్, గ్రేడ్ 2, పై చికిత్సకు పంపడమైనది" అని రాశారు. అక్కడి నుంచి ఇంకో ఊళ్లో మరో ఆసుపత్రి, అక్కడ ఎక్స్-రే, ఇంకో చీటీ. మా దగ్గరికి చేరేసరికి రాత్రి 11 గంటలయింది. నేను ఆ రెండు చీటీలనూ రెండుసార్లు చదివాను. యాంటీబయాటిక్ అనే మాట ఏ చీటీలోనూ లేదు. "రెండు ఆస్పత్రులు తిరిగి వచ్చినాం సార్, అన్ని సూదులూ వేసినారు" అని అతని భార్య చెప్పింది. ఆమె దృష్టిలో అది నిజమే. వేయని ఒక్క సూది ఏదో ఆమెకు తెలిసే అవకాశం లేదు.

ఈ తప్పు అజాగ్రత్త వల్ల జరిగింది కాదని నా అభిప్రాయం. ఏ మందు ఇవ్వాలన్నది గాయం తీవ్రతను బట్టి నిర్ణయించాలని మనమందరం కాలేజీలో చదువుకున్నాం. ఆ తీవ్రతను పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరే తేల్చాలి కాబట్టి మందు కూడా అక్కడే మొదలవుతుందిలే అని మొదటి ఆసుపత్రి అనుకుంటుంది. ఇచ్చే ఉంటారులే అని రెండో ఆసుపత్రి అనుకుంటుంది. ఈ రెండు అనుకోళ్ల మధ్య నాలుగు గంటల ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. అందువల్ల ఈరోజు నేను తీవ్రతను బట్టి మందు ఎలా మారుతుందో చెబుతాను, అయితే మొదటి డోసు ఆ నిర్ణయం కోసం ఎందుకు ఆగకూడదో కూడా దానితో కలిపే చెబుతాను, ఎందుకంటే ఈ రెండింటినీ విడదీసి చదువుకోవడం వల్లనే ఈ చిక్కు వచ్చింది.

గ్రేడ్ల సంగతి మీకు తెలిసిందే. గుస్టిలో, ఆండర్సన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 1976లో ఓపెన్ ఫ్రాక్చర్లను మూడు రకాలుగా విభజించారు. 1984లో గుస్టిలో, మరికొందరు కలిసి మూడో రకాన్ని మళ్లీ ఏ, బి, సి అని చీల్చారు. సెంటీమీటరు కన్నా చిన్నదైన, శుభ్రమైన గాయమైతే మొదటి గ్రేడ్. సెంటీమీటరు దాటినా కండ, చర్మం పెద్దగా నలగకపోతే రెండో గ్రేడ్. పెద్ద వేగంతో తగిలిన దెబ్బకు కండ విస్తారంగా నలిగినా, ఎముక ముక్కలు ముక్కలైనా మూడో గ్రేడ్. అందులో ఎముకను కప్పడానికి కండ మిగిలి ఉంటే ఏ, ఎముక మీది పైపొర ఊడిపోయి వేరేచోటి నుంచి కండ తెచ్చి కప్పవలసి వస్తే బి, రక్తనాళం తెగి దాన్ని కుట్టవలసి వస్తే సి. పేడ, ఎరువు, చేని మట్టి లోపలికి పోయిన గాయాన్ని దాని పొడవు ఎంతైనా సరే మూడో గ్రేడ్‌గానే లెక్కించాలి. మన జిల్లాలో చాలామంది చేనిలోనో చేని గట్టునో పడతారు కాబట్టి ఈ చివరి మాట మనకు ముఖ్యం.

ఇప్పుడు ఆ రైతు కాలి దగ్గరికి వద్దాం. చర్మం మీద గాయం నాలుగు సెంటీమీటర్లే. స్కేలు పెట్టి కొలిస్తే రెండో గ్రేడ్ అని రాయడంలో తప్పేమీ కనిపించదు. మరునాడు ఉదయం ఆపరేషన్ థియేటర్‌లో గాయాన్ని అటూ ఇటూ పొడిగించి చూస్తే, టిబియా ఎముక పైపొర అరచేతి పొడవున ఊడిపోయి ఉంది, లోపలి కండరాల సందుల్లో నల్లరేగడి మట్టి ముద్దలుగా ఇరుక్కొని ఉంది, ఎముక కొన పాలిపోయి తెల్లగా, రక్తం చెమ్మ లేకుండా ఉంది. అది 3బి. చర్మం సాగుతుంది, దెబ్బ తగిలిన క్షణంలో ఎముక బయటికి పొడుచుకొచ్చి చేనిని గీరుకొని తిరిగి లోపలికి పోతుంది, తర్వాత పైన చూసేవారికి చిన్న చీలిక మాత్రమే కనిపిస్తుంది. అందుకే అసలైన గ్రేడ్ డిబ్రీడ్‌మెంట్ బల్ల మీదే తేలుతుంది. క్యాజువాలిటీలో మనం రాసేది ఊహ మాత్రమే. మందు ఇవ్వడానికి గ్రేడ్ తేలేదాకా ఆగుదామని ఎవరైనా అంటే, మరునాటి ఉదయం దాకా ఆగుదామని అన్నట్టే.

ఇక ఆలస్యమైతే లోపల జరిగేది ఏమిటి? విరిగిన ఎముక చుట్టూ గడ్డకట్టిన రక్తం, నలిగిన కండ, రక్తప్రసారం లేని ఎముక ముక్కలు ఉంటాయి. సూక్ష్మజీవులకు అది వండి వడ్డించిన విస్తరి. అనుకూల పరిస్థితుల్లో స్టాఫిలోకాకస్ సుమారు అరగంటకు రెట్టింపవుతుంది. గాయంలో అంత వేగం ఉండకపోవచ్చు కానీ, ఆ లెక్కనే తీసుకుంటే నాలుగు గంటల్లో ఒకటి 256 అవుతుంది. సంఖ్య పెరగడం కన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. మొదటి కొన్ని గంటల్లో అవి విడివిడిగా తేలుతూ ఉంటాయి, ఆ దశలో మందుకు సులభంగా చస్తాయి. తర్వాత చచ్చిన ఎముకను, కండను, మేం వేసే రాడ్డును, స్క్రూను పట్టుకొని తమ చుట్టూ బంకలాంటి పొర కట్టుకుంటాయి. దాన్నే బయోఫిల్మ్ అంటాం. ఆ పొర లోపలున్న వాటిని చంపాలంటే మామూలు డోసుకు ఎన్నో రెట్లు మందు కావాలి, అంత మందును మనిషి శరీరం తట్టుకోదు.

దీనికి తోడు మందు ప్రయాణించే దారి కూడా మూసుకుపోతూ ఉంటుంది. నరంలోకి ఎక్కించిన మందు రక్తం ద్వారానే గాయానికి చేరాలి. గాయం కొత్తగా ఉన్నప్పుడు రక్తం ఇంకా ఊరుతూ ఉంటుంది, ఆ రక్తంలో అప్పటికే మందు ఉంటే గడ్డకట్టే రక్తంలోనూ మందు కలిసే గడ్డకడుతుంది. గంటలు గడిచేకొద్దీ కాలు వాస్తుంది, చిన్న చిన్న రక్తనాళాలు గడ్డలతో పూడుకుపోతాయి. అప్పుడు ఎంత ఖరీదైన మందు ఎక్కించినా అది చెయ్యినరం నుంచి గుండె దాకా పోతుంది, గాయం అంచు దాకా పోతుంది, లోపలికి మాత్రం పోదు. నారుమడికి నీళ్లు కాలువ తెరిచి ఉన్నప్పుడే పెట్టాలి కదా!

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1961లో బర్క్ అనే శస్త్రవైద్యుడు గినీపందుల చర్మంలోకి స్టాఫిలోకాకస్‌ను ఎక్కించి, యాంటీబయాటిక్‌ను వేర్వేరు వేళల్లో ఇచ్చి చూశాడు. సూక్ష్మజీవులు ప్రవేశించకముందే ఇచ్చినా, వెంటనే ఇచ్చినా గడ్డ దాదాపు లేవలేదు. మూడు గంటలు దాటాక ఇస్తే, మందు ఇవ్వని వాటికీ ఇచ్చిన వాటికీ తేడా లేకుండా పోయింది. మనుషుల్లో చూస్తే, పట్జాకిస్, విల్కిన్స్ 1989లో ప్రచురించిన 1,104 ఓపెన్ ఫ్రాక్చర్ల పరిశీలనలో, గాయమైన మూడు గంటల లోపు మందు మొదలైనవారిలో నూటికి 4.7 మందికి, ఆ తర్వాత మొదలైనవారిలో నూటికి 7.4 మందికి చీము పట్టింది. 2015లో అమెరికాలో మూడో గ్రేడ్ టిబియా విరుపులను మాత్రమే చూసిన ఒక పరిశీలనలో 66 నిమిషాలు అనే గీత తేలింది. అంతకన్నా ఆలస్యమైతే చీము పట్టే అవకాశం స్పష్టంగా పెరిగింది. బ్రిటన్ మార్గదర్శకాలు గంట లోపు అంటున్నది కూడా ఇదే ఆలోచనతో. ఇవి చీట్లు వేసి రోగులను రెండు వర్గాలుగా పంచి చేసిన ప్రయోగాలు కావు, అలా పంచడం ధర్మం కూడా కాదు. అందువల్ల 66 అనే అంకెను పట్టుకొని, 67వ నిమిషంలో వచ్చినవాడికి ఇచ్చి ప్రయోజనం లేదని ఎవరూ అనుకోవద్దు. ఆలస్యంగా వచ్చినవాడికి ఇంకా తొందరగా ఇవ్వాలి.

ఇక్కడ ఒక పక్కమాట. "ఆరు గంటల్లో ఆపరేషన్ చేసేయాలి" అనే సూత్రం మనలో చాలామందికి కంఠస్థం. అది 1898లో ఫ్రీడ్రిక్ అనే జర్మన్ వైద్యుడు గినీపందుల మీద చేసిన పరిశీలన నుంచి వచ్చింది, అప్పటికి యాంటీబయాటిక్‌లే లేవు. మందు వేళకు పడితే, అనుభవజ్ఞుడైన సర్జన్, మంచి వెలుతురు ఉన్న థియేటర్ కోసం మరునాటి ఉదయం దాకా ఆగడం వల్ల చాలా గాయాలకు నష్టం లేదని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. రక్తనాళం తెగినప్పుడు, పేడ మట్టితో గాయం నిండిపోయినప్పుడు మాత్రం ఆగకూడదు. ఆరు గంటల కోసం అంబులెన్స్‌ను పరుగులు పెట్టించే మనం, ఆ అంబులెన్స్ ఎక్కించే ముందు పట్టే ఐదు నిమిషాల సూదిని మరిచిపోతున్నాం. ఇది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

సరే, ఏ మందు? ఎముకను పట్టే సూక్ష్మజీవుల్లో ముందు వరుసలో ఉండేది మన చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్. దానికి సరిపోయే మందు సెఫజోలిన్. 1974లో పట్జాకిస్ బృందం, యాంటీబయాటిక్ ఏదీ ఇవ్వనివారిలో నూటికి సుమారు 14 మందికి, ఇదే కుటుంబానికి చెందిన సెఫలోథిన్ ఇచ్చినవారిలో నూటికి రెండు చిల్లర మందికి చీము పట్టిందని చూపించింది. పెద్దవారికి 2 గ్రాములు, 120 కిలోలు దాటిన మనిషికి 3 గ్రాములు, నరంలోకి, ఎనిమిది గంటలకు ఒకసారి. ఒక గ్రాము వయల్ ఒక్కొక్కదాన్ని పది మిల్లీలీటర్ల నీటిలో కలిపి, మూడు నుంచి ఐదు నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కిస్తే చాలు, ప్రత్యేకమైన సీసా గానీ యంత్రం గానీ అక్కరలేదు. మొదటి, రెండో గ్రేడ్ గాయాలకు ఇదొక్కటే చాలు. అంతకన్నా పెద్ద మందు వేస్తే ఎక్కువ మేలు జరుగుతుందని రోగి బంధువులు అనుకుంటారు, అప్పుడప్పుడు మనమూ అనుకుంటాం, దానికి ఆధారం లేదు.

మూడో గ్రేడ్ అయితే మట్టి నుంచి, నలిగిన కండ నుంచి వచ్చే గ్రామ్ నెగటివ్ జీవులకు కూడా మందు కావాలి. దానికి సెఫజోలిన్‌తో పాటు జెంటామైసిన్‌ను కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు ఒక్కసారి ఇస్తాం, అంటే 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు. ఈ రెండింటినీ ఒకే సిరంజిలో కలపవద్దు. జెంటామైసిన్‌తో ఒక భయం ఉంది. రక్తం బాగా పోయి బీపీ పడిపోయిన మనిషికి, ముసలివారికి, ముందే కిడ్నీ జబ్బు ఉన్నవారికి అది కిడ్నీని దెబ్బతీయగలదు. అలాంటివారికి సెఫజోలిన్, జెంటామైసిన్ రెండింటికీ బదులు సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు ఇవ్వడం మేలు. చిన్న ఆసుపత్రిలో ఈ విచారణ మీ పని కాదు. మీరు మొదటి మందు వేసి పంపండి, రెండోది అవసరమా కాదా అన్నది మేం గాయం తెరిచి చూసి కలుపుకుంటాం. గ్రేడ్ వల్ల మారేది ఈ చేర్పు మాత్రమే. మొదటి సూది మారదు.

పేడ, ఎరువు, చేని మట్టి, మురుగునీరు లోపలికి పోయిన గాయాల్లో క్లాస్ట్రిడియం అనే జీవి భయం ఉంటుంది, గ్యాస్ గ్యాంగ్రీన్ తెచ్చేది అదే. అక్కడ పెన్సిలిన్ 40 లక్షల యూనిట్లు నాలుగు గంటలకొకసారి కలపాలి, లేదా మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకొకసారి. అయితే గ్యాస్ గ్యాంగ్రీన్‌ను ఆపే అసలు మందు కత్తే, చచ్చిన కండను తీసేయడమే. గాయం చిన్నదిగా ఉన్నా నొప్పి భరించలేనంతగా పెరుగుతూ పోతుంటే, చర్మం రాగి రంగుకు తిరిగితే, పలుచని ముదురు రసి కారుతుంటే, వేలితో నొక్కినప్పుడు లోపల గాలి చిటపటలాడినట్టు తెలిస్తే అది సీసాలు మార్చుకుంటూ కూర్చునే సమయం కాదు.

ఆచరణలో మీకు ఎదురయ్యే మూడు అడ్డంకులు నాకు తెలుసు. మొదటిది, "మా దగ్గర సెఫజోలిన్ లేదు సార్" అన్నది. లేకపోతే ఉన్నది ఇవ్వండి. సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు ఉంటే అదే ఇవ్వండి, అమాక్సిసిలిన్-క్లావులనేట్ 1.2 గ్రాముల వయల్ ఉంటే అదైనా ఇవ్వండి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ప్రమాద రోగికి చాలాసార్లు ఆర్.ఎల్. బాటిల్ నడుస్తూ ఉంటుంది. అందులో కాల్షియం ఉంటుంది, సెఫ్ట్రియాక్సోన్ దానితో కలిస్తే గొట్టంలోనే తెల్లని పొడిలా గడ్డకడుతుంది. ఆర్.ఎల్. ఆపి, పది మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌తో గొట్టాన్ని కడిగి, మందు ఎక్కించి, మళ్లీ కడిగిన తర్వాతే ఆర్.ఎల్. తిరిగి పెట్టండి. సెఫజోలిన్‌తో ఈ బాధ లేదు.

రెండోది టెస్ట్ డోస్. చర్మంలోకి చుక్క వేసి అరగంట చూడటం మనకు అలవాటు. అలర్జీ చరిత్ర లేని మనిషికి సెఫలోస్పోరిన్ ఇచ్చే ముందు ఆ పరీక్ష పెద్దగా ఏమీ చెప్పదు. చుక్క వేసిన చోట ఏమీ లేకపోయినా రియాక్షన్ రావచ్చు, ఎర్రబడినా మందు పడవచ్చు. అరగంట మాత్రం ఖాయంగా పోతుంది. దాని బదులు "ఇంతకుముందు ఏ సూదికైనా ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, కళ్లు తిరిగి పడిపోయినారా?" అని మనిషిని అడగండి, పక్కనున్న భార్యనో తమ్ముణ్ణో కూడా అడగండి. అడ్రినలిన్ ఆంప్యూల్ ట్రేలో ఉంచుకోండి, అర మిల్లీగ్రాము తొడ కండలోకి. పెన్సిలిన్‌కు అలాంటి ప్రమాదకరమైన రియాక్షన్ వచ్చిందని గట్టిగా చెబితే క్లిండామైసిన్ 900 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి అరగంటలో ఎక్కించండి. దాన్ని సిరంజితో ఒక్కసారిగా ఎక్కించకూడదు.

మూడోది ఎక్స్-రే. "ముందు ఫోటో తీయించి, విరిగిందో లేదో చూసి ఇస్తాం" అంటారు. మోకాలి కింద కాలు వంకర తిరిగి, దాని మీద గాయం ఉండి, ఆ గాయంలో నుంచి నూనె మెరుపు ఉన్న నల్లని రక్తం కారుతుంటే, ఆ మెరుపు మూలుగ కొవ్వుదే. ఎక్స్-రే దానికి కొత్తగా చేర్చేదేమీ లేదు. అనుమానం ఉంటే విరిగినట్టే లెక్క. గాయం నుంచి కల్చర్ తీసి పంపి ఆ ఫలితం వచ్చాక మందు ఎంచుకుందామనడం కూడా వద్దు. మొదటి రోజు గాయంలో పెరిగే జీవి, తర్వాత చీము పట్టించే జీవి చాలాసార్లు ఒకటి కావు.

ఆ రైతుకు మా దగ్గర సెఫజోలిన్, జెంటామైసిన్, పెన్సిలిన్ 11.10కి పడ్డాయి. ఉదయం కడిగాం, చచ్చిన కండ తీశాం, బయటి ఫ్రేము వేశాం. రెండు రోజులకు మళ్లీ చూసి కడిగాం. ఆరో రోజున ప్లాస్టిక్ సర్జన్లు కండ తిప్పి ఎముకను కప్పారు. తొమ్మిదో రోజు రాత్రి జ్వరం వచ్చింది, ఫ్లాప్ కింది అంచు నుంచి చీము కారింది, కల్చర్‌లో క్లెబ్సియెల్లా పెరిగింది. "సార్, కాలు పోతాదా?" అని అడిగాడు. కాలు పోలేదు. కానీ మరో మూడు ఆపరేషన్లు అయ్యాయి, ఎముక అతకడానికి ఏడాది దాటింది, రెండు పంటలు పోయాయి. 7.15కే మందు పడి ఉంటే ఇవన్నీ తప్పేవని నేను ప్రమాణం చేసి చెప్పలేను. 3బి గాయాల్లో అన్నీ వేళకు జరిగినా కొందరికి చీము పడుతుంది. పైగా క్లెబ్సియెల్లా ఆసుపత్రిలో పట్టినదీ కావచ్చు, గాయం ఆరు రోజులు తెరిచి ఉండటమూ అందుకు ఒక కారణం. నేను చెప్పగలిగింది ఒక్కటే. 7.15కి అతని చేతిలో కాన్యులా ఉంది, సెలైన్ నడుస్తోంది, పక్కన నర్సు ఉంది, అక్కడి అల్మారాలో సెఫ్ట్రియాక్సోన్ ఉందని తర్వాత ఆ డాక్టరే నాకు ఫోనులో చెప్పాడు.

ఎన్నాళ్లు ఇవ్వాలన్న దానికి జవాబు చాలామంది అనుకునేదానికన్నా చిన్నది. మొదటి, రెండో గ్రేడ్‌లకు గాయం మూసిన తర్వాత 24 గంటలు. మూడో గ్రేడ్‌కు గాయమైనప్పటి నుంచి 72 గంటలు, లేదా కండతో కప్పిన తర్వాత 24 గంటలు, ఏది ముందయితే అది. పది రోజులు, పదిహేను రోజులు పొడిగిస్తే చీము ఆగదు, మందుకు లొంగని జీవులకు మాత్రం చోటు దొరుకుతుంది. మొదట్లో చేసిన ఆలస్యాన్ని చివర్లో రోజులు పెంచి పూడ్చలేం.

ఇక మీ చేతి పని ఒకటి చెప్పి ముగిస్తాను. పైకి కనిపించే రాళ్లు, గడ్డి తీసేసి, గాయాన్ని ఫోనుతో ఒక్క ఫోటో తీసి, సెలైన్‌లో తడిపిన గుడ్డ కప్పి బద్ద వేయండి. ఆ ఫోటో ఉంటే దారిలో ఎవరూ కట్టు విప్పి చూడనక్కరలేదు. మందు వేశాక చీటీలో "యాంటీబయాటిక్ ఇచ్చాం" అని మాత్రమే రాయకండి. మందు పేరు, గ్రాములు, వేళ రాయండి. చీటీలు పోతాయి, తడుస్తాయి, ఒక్కోసారి బంధువు జేబులోనే ఉండిపోతాయి. అందుకని కట్టు మీద అంటించే తెల్ల ప్లాస్టరు మీదే పెన్నుతో "సెఫజోలిన్ 2 గ్రా., 7.30" అని రాసేయండి. రోగి రాత్రి 11కి మా బల్ల మీదికి వచ్చినప్పుడు మాకు ముందుగా కనిపించేది ఆ ప్లాస్టరే. దాన్ని చూసి రెండో డోసు తెల్లవారుజామున 3.30కి అని మేం కేస్‌షీట్‌లో రాసుకుంటాం, ఉదయం థియేటర్‌లో మత్తు ఇచ్చే ముందు ఇంకోటి వేస్తాం, ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే మధ్యలో మరొకటి వేస్తాం.